పద్మిని అడిగిన ఉద్యోగం

మా జోగి ఇంట్లో ఎవరూ ఎవర్నీ ఏదీ అడగరు. అది ఆ వంశానికి పట్టిన జబ్బు. ఇంట్లో ఉప్పు నిండుకుంటే ఆ పూట చప్పిడి కూర తింటారు గాని పక్క వాటా తలుపు తట్టరు. అడగందే అమ్మైనా అన్నం పెట్టదని నేను ఎన్నిసార్లు మొత్తుకున్నానో లెక్కలేదు. విన్నట్టే తల ఊపుతారు. తర్వాత మళ్ళీ చప్పిడి కూర.

జోగి నాకు సొంత తమ్ముడు కాడు. వాళ్ళ తాత, మా తాత విశాఖపట్నంలో ఒకే ఓడెక్కి రంగూన్ రేవులో మూటలు మొయ్యడానికి వచ్చారట. ఆ ఓడ చుట్టరికమే మాది. అందుకే అతను నన్ను అక్కా అంటాడు, వాళ్ళావిడ వెంకమ్మ వదినా అంటుంది, వాళ్ళ ఒక్కగానొక్క కూతురు పద్మిని అత్తా అంటుంది. రంగూన్‌లో లమ్మడా అనే పేటలో ఒక పాత మేడ మాది. పైన నాలుగో అంతస్తులో వాళ్ళు, కింద వీధిలోకి తెరుచుకున్న నా జెరాక్సు షాపు. ఒక కాపీ యంత్రం, రెండు పాత కంప్యూటర్లు, ఫొటోలు తీసే తెల్ల తెర. నా పేరు జయంతి. నాకు నోరెక్కువని వీధిలో అందరికీ తెలుసు. నేనూ కాదనను.

పద్మినికి నోట్లో నాలుక లేదంటారే, ఆ బాపతు. తల్లి మొహమాటం, తండ్రి మౌనం రెండూ కలిపి పోసినట్టు పుట్టింది. అది చాలదన్నట్టు బర్మా బళ్ళో చదివింది. బర్మా వాళ్ళకి ఈ మొహమాటానికి ఒక పేరు కూడా ఉంది, ఆనా అంటారు. ఎదుటివాళ్ళని ఇబ్బంది పెడతామేమోనని మనసు నొచ్చుకోవడం. పెద్ద సుగుణం కింద లెక్క. తెలుగు మొహమాటం మీద బర్మా ఆనా పూత పూస్తే ఏమవుతుందో చూడాలంటే ఆ పిల్లని చూడాలి. ఎప్పుడో చిన్నప్పుడు కాలు బెణికి వాచిపోతే, రిక్షా కట్టించుకోవడం ఎందుకని, బడి నుంచి కుంటుకుంటూ నడిచి వచ్చింది.

చదువులో మాత్రం గట్టిది. వాణిజ్యం చదివే యూనివర్సిటీలో ఆఖరి సంవత్సరానికి వచ్చింది. వచ్చాక కోవిడ్ అని తలుపులు మూశారు. పరీక్షలు ఎప్పుడో ఎవరికీ తెలీదు. ఆ ఖాళీలో, 2020 చివర, విద్యార్థులకి ఉద్యోగాల గురించి చెప్పే సభ ఒకటి ఆన్‌లైన్‌లో పెట్టారు. అందులో ఓడల్లో సరుకులు పంపే ఒక కంపెనీ తరపున మ ఖిన్ స్వే అనే ఆవిడ మాట్లాడింది. కాలేజీల నుంచి పిల్లల్ని ఏరుకునే పని ఆవిడది. మ అంటే మన అక్క లాంటి మాట, పేరు ముందు పెడతారు. హెడ్డాఫీసు సింగపూర్, ఇక్కడి ఆఫీసు రేవుకి దగ్గర్లోనే. ఆవిడ పెట్టిన పరీక్షలో, ఇంటర్వ్యూలో నెగ్గి పద్మిని, దాని బెంచీ స్నేహితురాలు సండి ఇద్దరూ ఇంటర్న్‌షిప్‌కి ఎంపికయ్యారు. జనవరి నుంచి జూన్ దాకా. సండికి మాత్రం ఆఫీసుల్లో కూర్చోవడం ఇష్టం లేక, వారం తిరక్కుండానే మానేసి ఇంటి దగ్గర పిల్లలకి పాఠాలు చెప్పుకుంది.

ఫిబ్రవరిలో సైన్యం ప్రభుత్వాన్ని లాక్కుంది. ఆ తర్వాతది అందరికీ తెలిసిందే. డాక్టర్లు, టీచర్లు, రైలువాళ్ళు, రేవువాళ్ళు నిరసనగా పని ఆపేశారు. జోగి రేవులో క్రేన్ నడిపేవాడు. ఒకరోజు పొద్దున్న టిఫిన్ తిని, చొక్కా తొడుక్కుని, మళ్ళీ విప్పేసి కొక్కేనికి తగిలించాడు. అంతే, ఇంక వెళ్ళలేదు. నాలుగు వారాలకి ఉద్యోగంలోంచి తీసేసినట్టు నోటీసు అంటించారు.

"మరి కూతురు పనిసేసే కంపెనీ సరుకంతా రేవులోనే ఆగిపోనాది గదా నీవల్ల," అని నేను ఏడిపించాను.

"ఆగనీ అక్కా. దాని పని అది సేసుకుంటాది. నా పని నాను సేత్తన్నాను," అన్నాడు జోగి. ఏ పనీ చెయ్యకుండా ఉండడమే తన పని అన్నమాట. అతను అంత పొడుగు మాట మాట్లాడటం నేను అప్పుడే విన్నాను.

మార్చిలో సైనికులు సండిని కాల్చి చంపేశారు. ఊరేగింపులో ముందు వరసలో కూడా లేదట. నీళ్ళ సీసాలు పంచుతోందట. పద్మిని ఆ రోజు ఆఫీసులో ఉంది. సాయంత్రం నా షాపులోకి వచ్చి, కుర్చీలో కూర్చుని, ఎవరికో కాపీలు తీస్తుంటే యంత్రం వెలుగు అటూ ఇటూ కదలడం చూస్తూ ఉండిపోయింది. ఏడవలేదు. నాకే ఏడుపాగలేదు.

అదే నెలలో ఫోన్లలో ఇంటర్నెట్ కట్ చేశారు. తీగ ద్వారా వచ్చే కనెక్షన్ ఉన్నచోట మాత్రం పగలు పనిచేసేది, నా షాపులో ఉన్నది అదే. అందుకని పద్మిని ఆఫీసు లేనప్పుడు నా దగ్గరికొచ్చి మెయిళ్ళు చూసుకునేది. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం వచ్చి, చాలాసేపు తెర ముందు కూర్చుంది. ఒక లైను కొడుతుంది, చెరిపేస్తుంది. నా కంప్యూటర్ మీటలన్నిట్లో ఆ చెరిపే మీట ఒక్కటే ముందు పాడవుతుందని భయం వేసింది.

"ఏటే పద్దూ, పెళ్ళి సుబలేకా?" అన్నాను.

"మ ఖిన్ స్వేకి మెయిలత్తా. ఇంటర్న్‌షిప్ అయినాక పెర్మనెంట్ ఉజ్జోగం ఇస్తారా అని అడుగుదారని."

నేను చేస్తున్న పని అక్కడే వదిలేశాను. జోగి కూతురు అడుగుతోందంటే చూడాల్సిందే కదా. ఆ పిల్లకి ఎందుకంత అవసరమో నాకు తెలుసు. తండ్రికి జీతం లేదు. వెంకమ్మ గంపలో వేయించిన శనగలు పెట్టుకుని అమ్మేది, వీధుల్లో జనం లేక అదీ ఆగిపోయింది. ఇంట్లో వచ్చే జీతమంటూ పద్మినిదొకటే, అదీ ఇంటర్న్ కింద ఇచ్చే కొసరు. ఆ ఉద్యోగం వస్తే ఇల్లు నిలబడుతుంది. రాకపోతే ఏమవుతుందో ఎవరూ పైకి అనుకోలేదు.

మెయిలు ఇంగ్లీషులో రాసింది. మొదట రాసింది చక్కగా ఉంది. "నా ఇంటర్న్‌షిప్ జూన్ నెలాఖరుకి ముగుస్తుంది. ఆ తర్వాత మీ కంపెనీలో పూర్తి ఉద్యోగానికి నన్ను పరిశీలించే అవకాశం ఉందా? ఉంటే అందుకు నేను ఏమేం చెయ్యాలి, ఎప్పటిలోగా చెయ్యాలి?" సూటిగా, మర్యాదగా ఉంది. పంపీ అన్నాను. అది పంపలేదు. కింద ఇంకో రెండు వాక్యాలు చేర్చింది. "ఇది మీకు ఏమాత్రం ఇబ్బంది అనిపించినా దయచేసి పట్టించుకోవద్దు. ఇంటర్న్‌షిప్ దొరకడమే నాకు చాలా ఎక్కువ."

"ఏటే ఇది? ఉజ్జోగం అడుగుతున్నావా, ఒద్దంటన్నావా?" అన్నాను.

"అలా రాయకపోతే ఆనా కదత్తా. ఆవిడ ఏటనుకుంటాదో."

"ఆవిడేటీ అనుకోదు. ఉజ్జోగాలిచ్చే మనిసిని ఉజ్జోగం అడగడానికి ఆనా ఏటే? సేపలమ్మేదాన్ని సేప అడగడానికి సిగ్గుపడతావా?"

నవ్వింది. ఆ రెండు వాక్యాల్లో ఒకటి తీసేసింది, రెండోది ఉంచింది. దాని జన్మలో అదే పెద్ద తెగింపు. కళ్ళు మూసుకుని పంపే మీట నొక్కింది.

మర్నాటికే జవాబు వచ్చింది. మ ఖిన్ స్వే మంచి మనిషి, ఏదీ దాచకుండా రాసింది. ఇంటర్న్‌షిప్ ఇచ్చినంత మాత్రాన ఉద్యోగం ఇస్తామని కాదట, కాని దారి మాత్రం ఉందట. ఆఖరి నెలలో పై అధికారి పనితీరు మీద మార్కులు వేస్తాడు. అవి బాగుండాలి. ఆ విభాగంలో ఖాళీ ఉండాలి, ఆ ఖాళీని నింపడానికి సింగపూర్ ఒప్పుకోవాలి. పద్మిని కూర్చునే కాయితాల విభాగంలో ఒక ఖాళీకి అనుమతి అడిగారట. ఇక మూడోది, డిగ్రీ. చేతికి రాకపోయినా ఫర్వాలేదు, ఆఖరి సంవత్సరం పూర్తిచేస్తున్నట్టు యూనివర్సిటీ నుంచి చిన్న కాయితం ఉంటే చాలు. పేర్లు జూన్ మధ్యలో సింగపూర్‌కి వెళతాయి, ఆ లోపల పంపాలి. మెయిలు చివర ఇలా రాసింది: "వీటిలో దేనికైనా మీకు ఇబ్బంది ఉంటే నాకు చెప్పండి."

పద్మిని ఆ ఆఖరి వాక్యాన్ని చూసి ఊరుకుంది. ప్రతి మెయిలు చివరా అలాంటి వాక్యం ఒకటి ఉంటుంది కదా, శుభం భూయాత్ లాగ. ఎవరు మాత్రం దాన్ని నిజమనుకుంటారు? దాని పెంపకంలో ఆ మాటకి అర్థం, ఏమీ చెప్పకు అని.

పై అధికారి మార్కుల సంగతికి బెంగ లేదు. పద్మిని పని ఓడ ఎక్కే సరుకుకి రాసే పత్రాలు సరిచూడటం. సరుకు ఎవరిది, ఎవరికి, ఏ పెట్టెలో, పెట్టె నంబరు ఏమిటి. ఒక్క అంకె తేడా వస్తే సరుకు అవతలి రేవులో పడి ఏడుస్తుంది. పద్మిని కన్ను దాటి ఒక్క అంకె తప్పు పోలేదట. ఆ విభాగం పెద్ద ఊ సో, అంటే సో గారు, మంచాయన. "నీలాంటి మనిషి నాకు కావాలి" అని అందరి ముందూ అన్నాడట. ఆ మాట చెప్పేటప్పుడు పిల్ల మొహంలో సిగ్గూ సంతోషం చూశాను. అలా చూడటం అదే ఆఖరు.

మే నెలలో యూనివర్సిటీలు తెరిచారు, ఆఖరి సంవత్సరం వాళ్ళకి మాత్రం. లోపల పాఠాలు, గేటు దగ్గర సైనికులు. చాలామంది టీచర్లు సమ్మెలో ఉన్నారు, చాలామంది పిల్లలు మేం వెళ్ళం అన్నారు. ఎందుకు వెళ్ళరని ఎవరూ గట్టిగా అడగరు, ఎవరూ గట్టిగా చెప్పరు. పెదవి దాటితే పృథివి దాటుతుంది. వీధి మలుపులో ఆపి ఫోన్లు విప్పి చూస్తున్న రోజులు.

పద్మిని వెళ్ళలేదు.

ఆ సంగతి ఇంట్లో ఎలా జరిగిందో వెంకమ్మే చెప్పింది. షాపులోకి వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"నువ్వు సెప్పొదినా దానికి. ఓ రెండు నెలలు ఎల్లొచ్చేస్తే ఆ కాయితం ఇచ్చేస్తారంట. నాను సెప్తే ఇనదు. ఆ సండి పిల్ల ఎలాగూ తిరిగి రాదు గదా."

"జోగి ఏటన్నాడు?"

"ఆయనేటంటాడు. కూతురు మొకం సూసి అవతలకి ఎలిపోనాడు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. వెళితే డిగ్రీ, డిగ్రీతో ఉద్యోగం, ఉద్యోగంతో ఇల్లు. వెళితే సండి కూర్చున్న బెంచీ మీద ఒంటరిగా కూర్చోవాలి, సైనికుడికి సంచీ విప్పి చూపించి లోపలికి పోవాలి. నేను పద్మినిని పిలిచి అడిగాను. నాకు నోరెక్కువ కదా, అడిగాను.

"నాను ఎల్లలేనత్తా," అంది. "ఎల్దారనే అనుకున్నాను. రెండు సార్లు బస్టాపు దాకా ఎల్లాను. కాళ్ళు కదల్లేదు."

అంతకన్న నేనేమనను? వద్దులే తల్లీ అన్నాను. అప్పుడు నేను అన్నది అదొక్కటే, ఇప్పటికీ అదే అంటాను. ఆ పిల్ల చేసినదాంట్లో తప్పు లేదు.

జూన్‌లో మ ఖిన్ స్వే దగ్గర్నుంచి మళ్ళీ మెయిలు. మార్కులు బ్రహ్మాండంగా వచ్చాయి, ఖాళీకి సింగపూర్ ఒప్పుకుంది, ఇక యూనివర్సిటీ కాయితమే మిగిలింది, పంపగలరా అని. అది చదువుతున్నప్పుడు పద్మిని పెదాలు ఆడటం చూశాను. మూడింట్లో రెండు చేతికి వచ్చేశాయి.

జవాబు రాయడానికి కూర్చుంది. రాయడానికేముంది? నిజం రాయలేదు. మెయిళ్ళు ఎవరెవరు చదువుతున్నారో ఎవరికి తెలుసు? తనకి ముప్పు, అంతకన్న ఆ మెయిలు అందుకున్నందుకు మ ఖిన్ స్వేకి ముప్పు. అబద్ధం రాయదు. ఒంట్లో బాగాలేదని రాయవే అన్నాను. బాగానే ఉన్నాను కదత్తా అంది. ఆ పిల్లతో అదొక తంటా.

"పోనీ మనిసిని కలిసి మాటాడు. ఆపీసు దగ్గరే గదా. నోటి మాటగా సెప్పు."

"కలిస్తే ఆవిడికి తెలిసిపోద్ది. తెలిసినాక ఆవిడ దాయాల. ఆవిడ నెత్తిన ఎందుకెయ్యాలత్తా?"

చివరికి రాసింది ఇదీ: "వ్యక్తిగత కారణాల వల్ల ఆ కాయితం ఇవ్వలేను. దయచేసి నా కోసం మీరు శ్రమపడవద్దు." మ ఖిన్ స్వే దగ్గర్నుంచి వెంటనే జవాబు వచ్చింది. "అర్థమైంది. ధన్యవాదాలు." ఇంకో మాట లేదు. జూన్ ఆఖర్లో ఇంటర్న్‌షిప్ ముగిసిందని, ఉద్యోగం ఇవ్వలేకపోతున్నామని అందరికీ వచ్చేలాంటి మెయిలు వచ్చింది. పద్మిని దాన్ని రెండు సార్లు చదివి, కంప్యూటర్ కట్టేసి, నాకు గాజు తలుపులు తుడిచిపెట్టి పైకి వెళ్ళింది.

గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు జులై వచ్చింది. కోవిడ్ మూడోసారి. రంగూన్‌లో ఆ నెల బతికినవాళ్ళకి చెప్పక్కర్లేదు, బతకనివాళ్ళకి చెప్పలేం. ఆక్సిజన్ సిలిండర్ల కోసం మనుషులు ఎండలో వరసల్లో నిలబడ్డారు. అప్పుడు ఊళ్ళో ఒక పద్ధతి వచ్చింది. ఇంట్లో తిండి లేకపోతే కిటికీకి తెల్ల గుడ్డ కట్టాలి, మందులు కావాలంటే పసుపు గుడ్డ. నోరు తెరవక్కర్లేదు, పేరు చెప్పక్కర్లేదు. గుడ్డ చూసిన ఇరుగుపొరుగు ఎవరికి చేతనైంది వాళ్ళు తెచ్చి గుమ్మంలో పెట్టి పోయేవారు. మా వీధి కిటికీలు పండగ రోజుల్లో ఉన్నట్టు ఉండేవి. జోగి కిటికీకి మాత్రం ఏ గుడ్డా లేదు.

షాపు మూసేశాను కాబట్టి నేను మూడో అంతస్తులో నా గదిలోనే ఉన్నాను. పైన దగ్గు విని మెట్లెక్కి వెళ్ళాను. జోగి గోడకి ఆనుకుని కూర్చుని గాలికోసం నోరు తెరుస్తున్నాడు. వెంకమ్మ విసురుతోంది. పద్మిని వేడినీళ్ళు కాస్తోంది. మూడు రోజుల నుంచీ అలాగే ఉన్నాడట. నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టాను. వెంకమ్మ పసుపు చీర ఒకటి దండెం మీంచి లాగి నేనే కిటికీకి కట్టాను. గంట తిరక్కుండా ఎదురింటి వాళ్ళు సగం ఉన్న సిలిండర్ మోసుకుంటూ తెచ్చారు. వాళ్ళ ముసలాయన పొద్దున్నే పోయాడట, ఇంక అవసరం లేదని తెచ్చారు. అదీ తెల్లారేదాకా సరిపోలేదు. జోగి పోయాడు.

దహనానికి ఎవర్నీ రానివ్వలేదు. బండివాళ్ళే తీసుకుపోయారు. పద్మిని వీధి చివరి దాకా బండి వెనక నడిచి, అక్కడ ఆపేస్తే ఆగిపోయింది.

సెప్టెంబరుకి షాపు మళ్ళీ తెరిచాను. పద్మిని పొద్దున్న నాలుగు ఇళ్ళకి తిరిగి బట్టలు తెచ్చి ఇస్త్రీ చేసేది. వెంకమ్మ లేచి నిలబడే స్థితిలో లేదు. నా దగ్గర కూర్చోవే, కాపీలు తియ్యి, నీకింత ఇస్తాను అంటే, నీకే బేరం లేదు కదత్తా అంది. అదీ నిజమే.

ఒక మధ్యాహ్నం తెల్ల గొడుగుతో ఒకావిడ షాపు ముందు ఆగింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. పద్మిని ఇక్కడే ఉంటుందా, ఈ షాపు చిరునామా ఇచ్చింది అని బర్మా భాషలో అడిగింది. తను మ ఖిన్ స్వే అని చెప్పింది. పద్మిని ఇస్త్రీ బట్టలు ఇవ్వడానికి వెళ్ళింది, వచ్చేస్తుంది అని కుర్చీ వేశాను. టీ తెప్పించాను. ఆవిడ సంచీలోంచి గోధుమరంగు కవరు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్, ఊ సో రాసిచ్చిన మెచ్చుకోలు పత్రం అందులో ఉన్నాయట.

"పోస్టులో వెయ్యచ్చు కాని ఇప్పుడు పోస్టు నమ్మకం లేదు. ఇంకో వారంలో ఆఫీసు కూడా ఉండదు. సింగపూర్ వాళ్ళు ఇక్కడ మూసేస్తున్నారు. అందర్నీ తీసేశారు, నన్ను కూడా. ఎవరి కాయితాలు వాళ్ళకి అప్పజెప్పేద్దామని తిరుగుతున్నాను," అంది.

నాకు నోరు ఊరుకోదు. ఆ పిల్లకి ఉద్యోగం ఎందుకివ్వలేదమ్మా, అన్ని మార్కులొచ్చినా, అన్నాను.

ఆవిడ టీ గ్లాసు పక్కన పెట్టింది. "కాయితం లేకపోయినా ఇవ్వచ్చు. మినహాయింపు అడిగే వీలుంది. యూనివర్సిటీ మామూలుగా నడవడం లేదు, కుదిరినప్పుడు పూర్తిచేస్తాను అని తను ఒక్క వాక్యం రాస్తే చాలు. కారణం అక్కర్లేదు. సింగపూర్ వాళ్ళకి ఇక్కడి సంగతి తెలుసు. ఇంకో ఇద్దరికి అలాగే ఇప్పించాను. ఇబ్బంది ఉంటే చెప్పమని అందుకే రాశాను. వ్యక్తిగత కారణాలు అని వస్తే మాత్రం వాళ్ళు కొట్టేస్తారు. తనకే ఇష్టం లేదనుకుంటారు."

"మరి ఆ మాట దానికి మీరు చెప్పచ్చు కదా?"

"ఎలా చెప్పను? నాకు కారణం తెలుసు. మా తమ్ముడూ యూనివర్సిటీకి వెళ్ళలేదు. కాని నేను అడిగితే తను ఏమనుకుంటుంది? ఆరా తీస్తున్నాననుకుంటుంది. ఈ రోజుల్లో ఎందుకు వెళ్ళలేదని అడిగేవాళ్ళు ఎవరో మీకు తెలీదా? భయపడుతుందని, ఆనా అనిపించి ఊరుకున్నాను. శ్రమపడవద్దు అని తనే రాసింది కదా."

ఇద్దర్నీ కూర్చోబెట్టి చెరో చెంపా వాయించాలనిపించింది. ఈ పిల్ల ఆవిడకి ముప్పొస్తుందని చెప్పలేదు. ఆవిడ ఈ పిల్ల భయపడుతుందని అడగలేదు. ఎంత మంచివాళ్ళమ్మా మీరిద్దరూ. మీ మంచితనం మంటగలవ. మా జోగి చివరి నెలలో కూతురికి ఉద్యోగం వచ్చిందని ఒక్కసారి విని ఉంటే ఏం పోయేది?

ఆ మాట పైకి అనలేదు. ఆవిడ కళ్ళు అప్పటికే తడిగా ఉన్నాయి. ఉద్యోగం పోయిన మనిషి ఎండలో తిరిగి తిరిగి కాయితం ఇవ్వడానికి వచ్చింది.

అంతలో పద్మిని వచ్చింది. భుజాన ఖాళీ బట్టల మూట, చెమటకి నుదుటికంటుకున్న జుట్టు. మ ఖిన్ స్వేని చూసి గుమ్మంలోనే ఆగి, చేతులు కట్టుకుని వంగి పలకరించింది. ఆవిడ లేచి కవరు రెండు చేతులా అందించింది. పద్మిని రెండు చేతులా అందుకుంది. ఊ సో ఏం రాశాడో తెరిచి చూడలేదు. నా వైపు చూసింది. తండ్రి పోయాక దాని కళ్ళలో ఒక మార్పొచ్చింది, అప్పటిదాకా నేను గమనించలేదు.

"మ ఖిన్ స్వే," అంది బర్మా భాషలో. "మా నాన్న జులైలో పోయారు. అమ్మకి బాగాలేదు. ఇంట్లో ఏమీ లేదు. నేను యూనివర్సిటీకి వెళ్ళను, నా స్నేహితురాల్ని చంపేశారు కాబట్టి వెళ్ళను. కాని పని బాగా చేస్తాను, అది మీకు తెలుసు. మీ ఆఫీసులో నాకు ఉద్యోగం కావాలి. ఏదైనా సరే. ఇవ్వగలరా?"

అది పుట్టాక అన్ని మాటలు ఒక్కసారిగా అడగడం నేను వినలేదు. దాని తండ్రి, తాత, వాళ్ళ ఓడ తాత కలిసి జన్మలో అన్ని మాటలు అడిగి ఉండరు.

మ ఖిన్ స్వే నోరు తెరిచింది. నా వైపు చూసింది, చెప్పమన్నట్టు. నోరెక్కువ మనిషిని నేను, టీ గ్లాసు కడగడానికి లేచాను. ఆవిడ పద్మిని చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుని, ఆఫీసు మూసేస్తున్నారన్న సంగతి మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. పద్మిని కవరు ఒళ్ళో పెట్టుకుని చివరిదాకా వింది.

"నాను అడగడమే ఇప్పుడు అడిగాను గదత్తా," అంది నాతో, తెలుగులో.